నాలుగేళ్లలో మూడు ఉద్యోగాలు మారారా? కవర్ మెయిల్‌లో ఇలా రాయండి

అకౌంట్స్ పనిలో ఉన్న మన కర్నూలు, కడప పిల్లలు చాలామంది మెయిల్‌లో ఈ సంగతి ఎత్తకుండా వదిలేస్తారు, కానీ రెజ్యూమెలో తేదీలు చూడగానే హెచ్‌ఆర్‌కి వచ్చే మొదటి అనుమానం అదే. మీరే ముందు చెప్పేయండి, రెండో పేరాలో, మూడు నాలుగు వాక్యాల్లో.

ముందు ఒక కాగితం మీద ఒక్కో చోట అంతకుముందు రానిది ఏం నేర్చుకున్నారో రాసుకోండి. ఉదాహరణకి కర్నూలులో విత్తనాల షాపులో బిల్లింగ్, ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో జీఎస్టీ రిటర్న్‌లు, ఇప్పుడు ఎర్రగుంట్లలో సిమెంట్ డీలర్ దగ్గర నెలాఖరు లెక్కలు. అప్పుడు మెయిల్‌లో ఇలా వస్తుంది:

"షాపులో బిల్లులు వేయడంతో మొదలుపెట్టాను. రిటర్న్‌లు నేర్చుకోవాలని మిల్లుకి మారి, కొనుగోళ్లను 2బీతో సరిపోల్చి ప్రతి నెలా ఫైల్ చేశాను. ఇప్పుడు నెల లెక్కలు మొత్తం నేనే ముగిస్తున్నాను. ఆడిట్ వరకు చూసే పని కోసం మీకు రాస్తున్నాను."

చివరి వాక్యం తప్పనిసరి, ఎందుకంటే ఈ ఉద్యోగం ఆ వరసలో తర్వాతి మెట్టు అని, మళ్లీ ఆర్నెల్లకి వెళ్లిపోరని వాళ్లకి అర్థమయ్యేది అక్కడే.

జీతం కోసమో, ఇంట్లో ఇబ్బంది వల్లో మారిన చోటుకి లేని కారణం అతికించకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. "కుటుంబ కారణంతో మానేశాను" అని ఒక్క ముక్క చాలు. పాత ఓనర్ మీద ఫిర్యాదు మాత్రం వద్దు. పీఎఫ్ ఉంటే చేరిన, మానేసిన తేదీలు యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో ఉంటాయి కాబట్టి, పంపే ముందు రెజ్యూమె తేదీలను దాంతో సరిచూసుకోండి.