పొడవాటి ప్రాంప్ట్‌లో ముఖ్యమైన షరతు ఎక్కడ రాయాలి

30 పేజీల అద్దె ఒప్పందాన్ని ఏఐకి ఇచ్చి ప్రశ్న అడిగితే, మధ్యలో ఎక్కడో ఉన్న సవరణను వదిలేసి పాత నిబంధన ప్రకారం ఒక్కోసారి జవాబు చెప్పేస్తుంది. ఇలాంటి ఏఐని నడిపే భాషా నమూనాలు చాలావరకు మొదట్లోనూ చివర్లోనూ ఉన్న విషయాన్ని బాగా అందుకుంటాయి. పాఠం పొడవయ్యే కొద్దీ నడుమ ఉన్నది జారిపోయే అవకాశం పెరుగుతుంది.

అందుకే పని ఏమిటో పైన ఒక వాక్యంలో చెప్పి, దాని కింద ఒప్పందం మొత్తం పెట్టండి. అది ముగిశాక, ప్రశ్నతో పాటు కీలకమైన షరతును మళ్లీ రాయండి:

“14వ నిబంధనను తర్వాత వచ్చే ఒక నిబంధనలో సవరించారు, ఆ సవరణే చెల్లుతుంది. ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి? ముందుగా సంబంధిత వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసి, తర్వాత జవాబు చెప్పు.”

ఈ ఎత్తి రాయించడం తప్పకుండా చేయండి. సవరణ వాక్యం అక్కడ కనిపించకపోతే, జవాబు ఎంత ధీమాగా ఉన్నా నమ్మకూడదని వెంటనే తెలిసిపోతుంది. ఎత్తి రాసినదాన్ని కూడా అసలు ఒప్పందంతో ఒకసారి సరిచూసుకోండి.

ఏ షరతు ముఖ్యమో మీకే ముందుగా తెలియనప్పుడు మాత్రం ఈ అమరిక చాలదు. అప్పుడు ఒప్పందాన్ని అయిదారు పేజీల భాగాలుగా విడగొట్టి, నోటీసు గురించి ఏముందో ఒక్కో భాగాన్నీ విడివిడిగా ఇచ్చి అడగాలి.