చీర వివరణ రాయడం – 5వ పాఠం: ‘మెత్తగా’ అనే మాట, గంజి సంగతి

ఈ పాఠంలో కొంగు గురించి రాద్దామనుకున్నాను. కానీ పోయిన పాఠానికి మీరు పంపిన వివరణలు చదివాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. “చీరను చేత్తో తాకినట్టు అనిపించాలి” అన్నాను. దాదాపు అందరూ ‘వెన్నలాంటి మెత్తదనం’ అని రాశారు. ఒకరైతే దాన్ని దుకాణం పేజీలో పెట్టేశారు. చీర అందుకున్న ఆవిడ “అట్టలా ఉంది, ఫోటోలో చూపించింది ఇది కాదు” అని తిప్పి పంపారు. తప్పు కొన్నావిడది కాదు. చీరలోనూ తప్పు లేదు. తాకమని చెప్పి, ఎప్పుడు తాకాలో చెప్పకపోవడం నా పొరపాటు. అందుకే ఈ పాఠమంతా దాని గురించే.

మగ్గం మీద పడుగు దారాలు రోజంతా బిగువుగా ఉంటాయి. అచ్చు పళ్ళ మధ్య రాసుకుంటూనే ఉంటాయి. నూలుకి సన్నని నూగు ఉంటుంది. ఆ నూగు లేచి పక్క దారానికి చిక్కుకుంటే దారం తెగుతుంది. అందుకని నేతకు ముందే పడుగును పొడవుగా సాగదీసి గంజి పట్టిస్తారు. నూగు అణిగి దారం గట్టిపడుతుంది. చీర మగ్గం దిగాక కూడా ఆ గంజి బట్టలోనే ఉంటుంది. కొన్నిచోట్ల మడతపెట్టే ముందు మరోసారి గంజి పెడతారు. కాబట్టి పెట్టె విప్పగానే చేతికి ముందు తగిలేది గంజి. నూలు అసలు స్పర్శ తెలిసేది రెండు మూడు ఉతుకుల తర్వాతే.

ఇక్కడే మీలో చాలామంది పడిపోయారు. మీరు రాసింది మీ బీరువాలో నాలుగేళ్ళుగా ఉన్న చీర గురించి. అమ్ముతున్నది నిన్న మగ్గం దిగిన చీర. రెండూ ఒకే నేత కావచ్చు, కానీ కొన్నావిడ చేతికి వచ్చేది రెండోదే. ‘మెత్తగా’ అని రాస్తే ఆమె ఉతకకముందే పరీక్షించి చూస్తుంది, మోసపోయానని అనుకుంటుంది. ‘సాఫ్ట్ కాటన్’, ‘మృదువైన నూలు’, ‘పట్టులాంటి స్పర్శ’ అని మార్చి రాసినా ఇదే జరుగుతుంది. ‘పట్టులాంటి’ అయితే ఇంకా అన్యాయం. నూలు చీర కొనేవాళ్ళకి నూలే కావాలి.

అలాగని ‘బిరుసుగా ఉంటుంది, ఉతికితే తగ్గుతుంది’ అని క్షమాపణలాగా రాయకండి. ఆ బిరుసుకీ ఒక సుఖం ఉంది. కుచ్చిళ్ళు పెట్టిన చోటే నిలబడతాయి, పైట జారదు, బట్ట ఒంటికి అతుక్కోకుండా కాస్త ఎడంగా ఉంటుంది. కొత్త నూలు చీరను ఇష్టంగా కట్టుకునేవాళ్ళు ఇష్టపడేది దీన్నే. కాబట్టి వివరణలో రెండు కాలాలు ఉండాలి. పెట్టె విప్పిన రోజు ఎలా ఉంటుంది? కొన్ని ఉతుకుల తర్వాత ఎలా ఉంటుంది? రెండూ నిజాలే, రెండూ చీరను అమ్ముతాయి.

ఇక నేత. మీరు పంపిన వాటిలో ‘80 కౌంట్’ అని రాసినవాళ్ళు ఉన్నారు, మంచిదే. కానీ అంకె రాసి వదిలేశారు. ఒక పౌండు బరువుకి 840 గజాల నూలు చిలపలు ఎన్ని తూగితే అది ఆ నూలు కౌంట్, అంటే నంబరు. అంటే నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఈ లెక్క కొనేవాళ్ళకి అక్కర్లేదు, మీకు కావాలి. ఆమెకి కావలసింది ఆ సన్నదనం ఒంటి మీద ఏం చేస్తుందన్నదే. సన్న నూలుతో నేసిన బట్ట తేలికగా ఉంటుంది, చెమటను పీల్చి త్వరగా ఆరుతుంది. దానికి తగ్గ ఇబ్బంది కూడా ఉంది. 100, 120 నంబరు నూలుతో నేసిన లేత రంగు చీరలో లోపలి లంగా కనిపించవచ్చు. అది దాచకుండా “అదే రంగు లంగా వేసుకోండి” అని ఒక్క వాక్యం రాస్తే చాలు. దుప్పట్ల మీద రాసే ‘థ్రెడ్ కౌంట్’ వేరు. అది బట్టలో ఒక చదరపు అంగుళంలో ఎన్ని దారాలు ఉన్నాయన్న లెక్క. రెండింటినీ కలపకండి.

ఇప్పుడు ఒక చీర తీసుకుందాం. మంగళగిరి నూలు చీర, నిజాం అంచు, ముదురు ఆకుపచ్చ, పడుగూ పేకా 80 నంబరు. మీలో ఒకరు ఇలా రాశారు: “స్వచ్ఛమైన చేనేత కాటన్, వెన్నలాంటి మెత్తదనం, గాలి ఆడే నేత, ప్రతి సందర్భానికీ అందం.” ఇందులో మంగళగిరికే చెందిన మాట ఒక్కటీ లేదు. ‘చేనేత కాటన్’ తీసేస్తే మిగతాదంతా తలగడ గలీబుకీ సరిపోతుంది. నేను ఆ చీరను రెండు గంటలు కట్టుకుని, ఎండలో బట్టలు ఆరేసి వచ్చి, ఇది రాశాను:

“మంగళగిరిలో గుంట మగ్గం మీద నేసిన నూలు చీర. ఒళ్ళంతా సాదా, అంచు పొడవునా చిన్న గోపురాల వరస. సన్నని 80 నంబరు నూలును దగ్గరగా నేయడంతో బట్ట తేలికగా ఉన్నా వదులుగా లేదు. ఈ ముదురు రంగులో లోపలి లంగా కనిపించదు. పెట్టె విప్పినప్పుడు మగ్గం నాటి గంజి ఉంటుంది, కుచ్చిళ్ళు సాయంత్రం దాకా నిలబడతాయి. రెండు మూడు ఉతుకులకి గంజి దిగి భుజం మీద ఒదుగుతుంది. ఎండలో తిరిగి వచ్చాక వీపు దగ్గర తడిసిన చోటు ఫ్యాను కింద కాసేపట్లో ఆరిపోయింది. మళ్ళీ బిరుసు కావాలంటే ఉతికినప్పుడు పల్చని గంజి పెట్టుకోండి.”

ఇందులో ‘సౌకర్యం’ అన్న మాట లేదు చూడండి. కుచ్చిళ్ళు, భుజం, వీపు ఉన్నాయి. నేను ఎప్పుడూ ఒంటి మీది చోటుతోనే వాక్యం మొదలుపెడతాను, విశేషణం తర్వాత దానంతటదే అనవసరమవుతుంది. నేత గురించి చెప్పిన ప్రతి మాటకీ ఒంటి మీద ఒక ఫలితం దొరకాలి. దొరకకపోతే ఆ మాట కొలతల పట్టికలోకి వెళ్ళాలి, వివరణలోకి కాదు. 80 అంకె ఇక్కడ ఎందుకు నిలిచిందంటే, వెంటనే తేలికదనం వచ్చింది కాబట్టి.

అభ్యాసం కాస్త కష్టమే. మీరు అమ్మబోయే చీర జాకెట్టు ముక్కను కత్తిరించి, పొడవూ వెడల్పూ కొలిచి రాసుకోండి. చేతిలో నలిపి ఏమనిపించిందో ఒక వాక్యం రాయండి. మామూలు నీళ్ళలో విడిగా ఉతికి, నీడలో ఆరేసి మళ్ళీ కొలవండి, మళ్ళీ ఒక వాక్యం రాయండి. ఇలా మూడుసార్లు. ఎంత కుదించుకుపోయిందో, రంగు నీళ్ళలోకి దిగిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. దిగితే “మొదటి రెండుసార్లు విడిగా ఉతకండి” అని వివరణలో రాయాలి. ఆ నాలుగు వాక్యాల నుంచే మీ కొత్త వివరణ తయారుచేయండి, ‘మెత్తగా’ అనే మాట లేకుండా. వాటితో పాటు కొలతలు కూడా పంపండి. కొంగు సంగతి వచ్చే పాఠంలో.