వెబ్‌సైట్ లేకున్నా అడ్వాన్స్ రాబట్టే లింకు

ఎంవీపీ కాలనీలో ఇంట్లోంచే లోగోలు, మెనూ కార్డులు డిజైన్ చేస్తుంటాను. నాకు వెబ్‌సైట్ లేదు. డబ్బులు మాత్రం వాట్సాప్‌లో పంపే పేమెంట్ లింకుతోనే వస్తాయి.

ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే రేజర్‌పే లాంటి గేట్‌వేలో పాన్, బ్యాంకు ఖాతా లాంటి వివరాలిచ్చి కేవైసీ పూర్తిచేస్తే చాలు. తర్వాత మొత్తం, దేనికోసమో ఒక లైను, గడువు తేదీ పెడితే లింకు తయారవుతుంది. ‘పార్షియల్ పేమెంట్’ ఆప్షన్ తప్పకుండా వాడండి. మొన్న బీచ్ రోడ్డు కెఫే వాళ్ల పని 12,000 రూపాయలు. కనీస మొదటి వాయిదా 4,000 అని పెట్టాను. అది కట్టాకే పని మొదలుపెట్టాను. మిగతా 8,000 ఫైళ్లు ఇచ్చే ముందు అదే లింకులో కట్టారు. ‘మిగతాది ఎంతండీ?’ అన్న మొహమాటపు ఫోన్లు లేవు.

గేట్‌వే 2 శాతం తీసుకుంటే 240, దాని మీద 18 శాతం జీఎస్టీ 43.20. అంటే చేతికి 11,716.80 వస్తుంది. రేటు చెప్పేటప్పుడే ఇది కలుపుకోండి. డబ్బు ఖాతాలో పడటానికి సాధారణంగా రెండు పనిదినాలు పడుతుంది, శుక్రవారం కడితే వారాంతం ఆగాల్సిందే.

క్లయింట్ పంపిన స్క్రీన్‌షాట్ చూసి ఫైళ్లు ఇచ్చేయకండి, నేనోసారి ఇచ్చి నాలిక కరుచుకున్నాను. డాష్‌బోర్డులో Paid అని కనబడాలి. Partially Paid అని ఉంటే బాకీ ఉన్నట్టే.

కొత్తవాళ్లకైతే లింకు పంపేముందు ఒక్క ఫోన్ చేయండి. రేజర్‌పే లింకులో rzp.io అని చూసి మోసమనుకుని నొక్కరు, వాళ్ల భయమూ న్యాయమే.