ముగింపు పద్దులు రాశాక ఆస్తి అప్పుల పట్టీ కలవకపోతే

మార్చి 31తో ఏడాది లెక్కలు మూసేటప్పుడు నా దగ్గరికి వచ్చే పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే తప్పులు మూడు. ఒక స్టీలు సామాన్ల కొట్టు లెక్కనే తీసుకుని చూద్దాం. ఇది ఒక్కరే యజమానిగా ఉన్న వ్యాపారం. ప్రారంభ మూలధనం 8,00,000. వర్తకపు ఖాతాలో తేలిన స్థూల లాభం 5,60,000. అద్దె, జీతాలు, కరెంటు, వడ్డీ కలిపి ఖర్చులు 3,20,000. ఒక కంపెనీ నుంచి వచ్చిన కమీషన్ 24,000. యజమాని ఇంటికి వాడుకున్నది 1,80,000.

సరిగ్గా మూస్తే నికర లాభం 2,64,000, ముగింపు మూలధనం 8,84,000 రావాలి.

సమస్య: పట్టీలో 48,000 తేడా

అప్పుల వైపు 48,000 తక్కువగా ఉంది. అంకణా మాత్రం చక్కగా కలిసింది! చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే, ఆస్తుల ఖాతాలన్నీ మళ్లీ మొదటి నుంచి కూడతారు. అలా కూడక్కర్లేదు. ముందు ఆ తేడాను రెండుతో భాగించండి. 24,000 వస్తుంది, అంటే కమీషన్.

ఖర్చుల ఖాతాలకు డెబిట్ నిల్వ ఉంటుంది కాబట్టి వాటిని క్రెడిట్ చేసి, లాభనష్టాల ఖాతాను డెబిట్ చేసి మూస్తాం. ఆ వరుసలోనే చెయ్యి ఆగకుండా కమీషన్‌ను కూడా అలాగే రాసేశారు. దానికి ఉన్నది క్రెడిట్ నిల్వ. మళ్లీ క్రెడిట్ పడేసరికి ఖాతా మూతపడకపోగా 48,000 అయి కూర్చుంది. లాభం 2,16,000కి, మూలధనం 8,36,000కి పడిపోయాయి. రాసిన పద్దులో డెబిట్, క్రెడిట్ సమానమే కనుక అంకణా కలుస్తుంది. తప్పును అది పట్టించదు.

సవరణ పద్దు 24,000తో రాస్తే సరిపోదు. పడిన తప్పు పోవడానికి ఒక 24,000, అసలు పద్దుకు ఇంకో 24,000 కావాలి.

కమీషన్ ఖాతా డెబిట్ 48,000
లాభనష్టాల ఖాతా క్రెడిట్ 48,000

ఆ తర్వాత లాభనష్టాల ఖాతా డెబిట్, మూలధనం ఖాతా క్రెడిట్, మళ్లీ 48,000. మూలధనం 8,84,000కి వస్తుంది.

తేడా ఏదైనా ఒక ఖాతా నిల్వకు సరిగ్గా సమానంగా ఉంటే, దాన్ని మూయడమే మరిచిపోయారని అర్థం. ఎలాగైనా, మూసిన తర్వాత ఆవర్జా నుంచి ఇంకో అంకణా తీయండి. అందులో ఆస్తులు, అప్పులు, మూలధనం తప్ప ఇంకేం మిగలకూడదు. అద్దె అనో కమీషన్ అనో కనిపిస్తే తప్పు అక్కడే ఉంది.

సమస్య: అన్నీ కలిశాయి, లాభం మాత్రం 84,000

మొదటిదానికన్నా ఇది నాకు ఎక్కువ భయం. పట్టీ కలుస్తుంది, మూలధనం 8,84,000 సరిగ్గానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. సొంతవాడకాల 1,80,000ను ఖర్చుగా భావించి లాభనష్టాల ఖాతాలోకి పంపేశారు. మూలధనంలోంచి నేరుగా తీసినా, లాభంలో తగ్గించి పంపినా చివరి అంకె ఒకటే కదా. కానీ లోను కోసం బ్యాంకుకు వెళ్తే ఏడాదికి 84,000 మాత్రమే సంపాదించే కొట్టులా కనిపిస్తుంది. పన్ను లెక్కలోనూ ఇంటి ఖర్చును వ్యాపారం ఖర్చుగా చూపినట్టవుతుంది.

పిల్లల ఫీజు, ఇంటి అద్దె, యజమాని సొంత ఎల్‌ఐసీ ప్రీమియం, ఆయన కట్టిన ఆదాయపు పన్ను, ఇవన్నీ సొంతవాడకాలే. సవరించడానికి మూలధనం ఖాతా డెబిట్, లాభనష్టాల ఖాతా క్రెడిట్ 1,80,000 రాయండి. పెరిగిన లాభాన్ని తిరిగి మూలధనానికి పంపండి. నికర లాభం 2,64,000 అవుతుంది, మూలధనం కదలదు.

సమస్య: ట్యాలీలో అమ్మకాలు సున్నా

చేతిపుస్తకాల అలవాటుతో ట్యాలీలో కూడా మార్చి 31న అమ్మకాల ఖాతా డెబిట్, `Profit & Loss A/c` క్రెడిట్ అని జర్నల్ రాస్తే ఏడాది అమ్మకాలన్నీ రిపోర్టులోంచి మాయమవుతాయి. అక్కడ ఆదాయ వ్యయాలను మూయాల్సిన పని లేదు, కొత్త ఏడాదికి వాటి నిల్వలు వాటంతట అవే సున్నా నుంచి మొదలవుతాయి. ఆ జర్నల్‌ను తీసేయండి. మనం రాయాల్సింది చివరి పద్దులే: `F7` నొక్కి, మార్చి 31 తేదీతో `Profit & Loss A/c` డెబిట్, మూలధనం క్రెడిట్ 2,64,000. ఇంకో జర్నల్‌లో మూలధనం డెబిట్, సొంతవాడకాలు క్రెడిట్ 1,80,000. ఈ రెండూ రాయకపోతే ఏళ్ల తరబడి లాభమంతా `Profit & Loss A/c`లోనే పేరుకుని, మూలధనం మొదటి రోజు అంకె దగ్గరే ఉండిపోతుంది.