కొత్త సర్టిఫికేషన్ వచ్చిందని గొప్పలు లేకుండా చెప్పడం ఎలా?

పోస్టు రాసే ముందు లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లోని సర్టిఫికేషన్ల విభాగం నింపండి. పూర్తి పేరు, ఇచ్చిన సంస్థ, గడువు తేదీ, సరిచూసుకునే లింకు అక్కడ ఉంటే పోస్టులో వాటిని ఏకరువు పెట్టే పని ఉండదు. ఆ వివరాలు చేర్చేటప్పుడు నెట్‌వర్క్‌కు తెలియజేసే మీట కనిపిస్తే ఆపేయండి. లేకపోతే మీ పోస్టు కంటే ముందే ఒక యాంత్రికమైన ప్రకటన వెళ్లిపోవచ్చు.

ఇక చిత్తుప్రతి. అమెజాన్ క్లౌడ్ సేవ అయిన ఏడబ్ల్యూఎస్ పరీక్ష పాసైనవారిని ఉదాహరణగా తీసుకుందాం. చాలామంది మొదట రాసేది ఇలా ఉంటుంది:

"ఎన్నో నిద్రలేని రాత్రుల తర్వాత, అత్యంత కఠినమైన ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ పరీక్షలో తొలి ప్రయత్నంలోనే నెగ్గానని వినమ్రంగా తెలియజేస్తున్నాను."

ముందుగా కొట్టేయాల్సింది "వినమ్రంగా". వినయాన్ని చాటుకోవడం కంటే సూటిగా గర్వపడటమే నయం. నిద్రలేని రాత్రులు, కఠినత్వం, తొలి ప్రయత్నం కూడా తీసేయండి. మార్కులూ అక్కర్లేదు. ఈ పరీక్ష అసోసియేట్ స్థాయిలో 1000కి 720 వస్తే చాలు. 730 వచ్చినా 930 వచ్చినా చేతికొచ్చే సర్టిఫికెట్ ఒక్కటే.

కనిపించని గొప్ప మరొకటి ఉంది. ఈ సర్టిఫికేషన్‌లో అసోసియేట్, ప్రొఫెషనల్ అని రెండు స్థాయులున్నాయి. పై వాక్యంలో స్థాయి లేదు. రాసినవారు మరచిపోయి ఉండొచ్చు, కానీ తెలిసినవారికి అది దాచినట్టే అనిపిస్తుంది.

కొట్టివేతల తర్వాత మిగిలేది ఒక్క ముక్క. దాని పక్కన, చదువుతున్నప్పుడు మీ అభిప్రాయం మార్చిన ఒక విషయం పెట్టండి. ఇది పాఠ్యాంశాల్లోంచి రావాలి, పరీక్షలో వచ్చిన ప్రశ్నలోంచి కాదు. ప్రశ్నలు బయటపెట్టబోమని పరీక్షకు ముందే ఒప్పుకుని ఉంటారు. మీ కంపెనీ బిల్లులు, అంతర్గత ఏర్పాట్లు కూడా రాయకండి.

తిరగరాస్తే ఇలా వస్తుంది:

"గత వారం ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ – అసోసియేట్ పరీక్ష పాసయ్యాను. ప్రైవేటు సబ్‌నెట్ నుంచి ఎస్3కి డేటా పంపాలంటే నాట్ గేట్‌వే తప్పదని ఇన్నాళ్లూ అనుకున్నాను. అదే రీజియన్‌లోని ఎస్3కి గేట్‌వే ఎండ్‌పాయింట్ పెట్టుకుంటే ఆ డేటాకు నాట్ ప్రాసెసింగ్ రుసుము పడదు, ఎండ్‌పాయింట్‌కు విడిగా రుసుమూ లేదు. రూటింగ్ పట్టికలు నాకు అర్థమయ్యేదాకా బొమ్మలు గీసి చెప్పిన సహోద్యోగికి కృతజ్ఞతలు."

ఫీడ్‌లో మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి కాబట్టి అసలు విషయం మొదటి వాక్యంలోనే ఉంది. కృతజ్ఞత ఒక్కరికే, అదీ వారు చేసిన సాయంతో సహా. పదిమందిని ట్యాగ్ చేస్తే అది చప్పట్ల కోసం జనాన్ని పోగేసినట్టుంటుంది.

పెట్టే ముందు మొదటి వాక్యాన్ని చేతితో మూసి మిగతాది చదవండి. సర్టిఫికేషన్ ఊసు లేకపోయినా అదే రంగంలోని మరొకరికి అది పనికొస్తుందనిపిస్తే పోస్టు చేయండి. లేదంటే ప్రొఫైల్‌లోని ఆ ఒక్క నమోదు చాలు.