ఆంప్స్ సరిగ్గానే ఉన్నా ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతోందా? స్క్రూలు చూడండి

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ సంప్ దగ్గర 5 హెచ్‌పీ మోటార్ ఉంది, నేమ్‌ప్లేట్ మీద 7.5 ఆంప్స్, రిలే డయల్ కూడా 7.5 మీదే ఉంది. అయినా ఇరవై నిమిషాలకోసారి ట్రిప్. క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజులూ విడివిడిగా, ట్రిప్ అయ్యే ముందు కూడా చూశాను, అన్నీ 7 దగ్గరే. ఒక్క ఫేజే చూసి కరెంట్ బాగుందనుకోవద్దు. ఇలాంటప్పుడు చాలామంది డయల్‌ని 9కి తిప్పేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, రేపు నిజంగా లోడ్ పెరిగితే వైండింగ్ కాలిపోతుంది.

థర్మల్ రిలే లోపల ఉన్న బైమెటల్ పట్టీకి తెలిసేది వేడి ఒక్కటే, ఆ వేడి కరెంట్‌దా, పక్కనున్న లూజు స్క్రూదా అనేది దానికి తెలియదు. మోటార్ నడుస్తుండగా కాంటాక్టర్ పైనుంచి రిలే కింది టెర్మినల్ వరకు ఒక్కో ఫేజుకి మిల్లీవోల్ట్ డ్రాప్ కొలిపించాను (లైవ్ పని, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి). రెండు ఫేజులు దాదాపు సమానం, మూడోది ఏకంగా 300 మిల్లీవోల్టులు ఎక్కువ. అంటే 7 ఆంప్స్‌కి ఆ ఒక్కచోటే రెండు వాట్లకు పైగా అదనపు వేడి. మెయిన్ ఆపి విప్పితే రిలే స్క్రూ లూజు, వైరు కొస నల్లబడింది, కాంటాక్ట్ కూడా గుంటలు పడింది. కొస కత్తిరించి కొత్త లగ్ వేసి, కాంటాక్ట్ కిట్ మార్చి బిగించాక మూడు ఫేజుల డ్రాప్ సమానమైంది, ట్రిప్పులు ఆగాయి.