రోజేషియాతో ముఖం ఎర్రబడుతుంటే ఏం చేయాలి?

రోజేషియా అంటే ముఖం తరచూ ఎర్రబడి కందిపోయే చర్మవ్యాధి. తమకున్నది అదేనని తెలియగానే చాలామంది చేసే మొదటి పని కారం పూర్తిగా మానేయడం. రెండోది, ఎవరో చెప్పిన క్రీమ్ కొని రాసుకోవడం. మొదటిది చాలాసార్లు అక్కర్లేదు. రెండోది ఒక్కోసారి జబ్బును ముదరబెడుతుంది. ఈ రెండింటి కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

1. మీకున్నది ఏ రకం ఎరుపో చూసుకోండి

పొద్దున లేచాక, ముఖం కడగకముందే, కిటికీ వెలుతురులో అద్దం ముందు నిలబడండి. బుగ్గలు, ముక్కు, గడ్డం, నుదుటి మధ్య భాగం చూడండి. ఏమీ తినకముందే, ఎండలోకి వెళ్లకముందే అక్కడ ఎరుపు కనిపిస్తే అది ఎప్పుడూ ఉండే ఎరుపు. పగలు ఏదో ఒక కారణంతో ముఖం ఒక్కసారిగా వేడెక్కి, కందిపోయి, కాసేపటికి తగ్గితే అది వచ్చిపోయే ఎరుపు. దగ్గరగా చూస్తే సన్నటి ఎర్రదారాల్లా రక్తనాళాలు కనిపించడం మూడోది. పొక్కులు వస్తుంటే అది నాలుగోది. ఒకే ముఖం మీద ఇవన్నీ ఉండొచ్చు, కానీ ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయకపోవచ్చు. నెలల తరబడి క్రీమ్ రాసినా ఎరుపు తగ్గలేదని విసిగిపోయేవాళ్లలో చాలామంది వాడుతున్నది పొక్కుల మందే.

చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు అంత స్పష్టంగా కనిపించదు. అక్కడ కంటికంటే స్పర్శను నమ్మాలి: ముఖం వేడిగా, మంటగా అనిపించడం, మామూలు క్రీమ్ రాసినా చురచురలాడటం.

2. జబ్బు అదేనని ఖాయం చేసుకోండి

రోజేషియాను తేల్చే రక్తపరీక్ష లేదు. చర్మవ్యాధి నిపుణులు చూసి, ప్రశ్నలు అడిగి చెబుతారు. ఎరుపు ముక్కు పక్క మడతలను వదిలేసి బుగ్గల మీదే ఉండి, కీళ్లనొప్పులు కూడా ఉంటే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదే దాడి చేసే లూపస్ అనే జబ్బు కోసం పరీక్షలు చేయించాల్సి రావచ్చు. ముఖం కందడంతోపాటు విరేచనాలు, ఆయాసం వస్తుంటే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పండి, దాని కారణం చర్మంలో ఉండకపోవచ్చు. కళ్లు ఎర్రబడి ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే రోజేషియా కంటికీ చేరిందేమో చూడాలి. నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

వేసుకుంటున్న మాత్రల జాబితా కూడా తీసుకెళ్లండి. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ లాంటివి, ఎక్కువ మోతాదులో నియాసిన్ అనే బి3 విటమిన్ కూడా ముఖాన్ని ఎర్రబరుస్తాయి. అలాగని మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపకూడదు.

3. రెండు వారాలు రాసిపెట్టండి

ముఖం కందిన ప్రతిసారీ టైమ్, అంతకుముందు గంటలో తిన్నవి తాగినవి, అవి ఎంత వేడిగా ఉన్నాయి, ఎక్కడున్నారు, టెన్షన్ ఏమైనా ఉందా, ఎంతసేపటికి తగ్గింది, ఇవి రాయండి. ‘ఎంత వేడిగా’ అన్న గడి చాలామంది వదిలేస్తారు. అసలు గుట్టు తరచూ అక్కడే ఉంటుంది.

ఎందుకంటే మిరపలోని క్యాప్సైసిన్, ఒళ్లు కాలేంత వేడి, రెండూ మన నరాల మీద వేడిని పసిగట్టే ఒకే గ్రాహకాన్ని తట్టిలేపుతాయి. దాని పేరు టీఆర్‌పీవీ1. అది లేవగానే ముఖంలోని రక్తనాళాలు విచ్చుకుంటాయి. రోజేషియాలో ఈ స్పందన మామూలు కంటే చాలా చురుగ్గా ఉంటుంది. పొగలు కక్కే కారం కూర తింటే ఆ గ్రాహకాన్ని రెండువైపుల నుంచీ రెచ్చగొట్టినట్టే. కాఫీ సంగతి ఇంకా చిత్రం. 1981లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో వేడి కాఫీ లాగే ఉత్త వేడినీళ్లూ ముఖాన్ని ఎర్రబరిచాయి. చల్లారిన కాఫీ, విడిగా ఇచ్చిన కెఫీన్ మాత్రం ఆ పని చేయలేదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒకామెకు మధ్యాహ్నం భోజనం కాగానే ముఖం కందుతుంది, రాత్రి అదే కూర తిన్నా ఏమీ కాదు. డైరీ చూస్తే మధ్యాహ్నం కూర పొయ్యి మీంచి దించగానే తింటోంది, వంటగది సెగ కూడా ముఖానికి తగులుతోంది. రాత్రికి కూర చల్లారి ఉంటోంది. ఆమె ముందు కారం ముట్టుకోకుండా వేడి మాత్రమే మార్చాలి: వంటయ్యాక అరగంట ఆగి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తినాలి. వారంపాటు ఇలా చేసినా కందుతుంటే అప్పుడు కారం సగం తగ్గించి ఇంకో వారం చూడాలి. ఒకేసారి రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

ఎండ, వేడినీళ్ల స్నానం, మద్యం, గట్టి వ్యాయామం, ఆవేశం మిగతా ముఖ్యమైన ట్రిగ్గర్లు. వ్యాయామం మానొద్దు. చల్లటి వేళలో, ఫ్యాన్ కింద, కొద్దికొద్దిగా విడగొట్టి చేయండి.

4. ముఖం మీద రాసేవి తగ్గించండి

సబ్బు బదులు ఘాటు లేని క్లెన్సర్, గోరువెచ్చని నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్. ఇంతే చాలు. స్క్రబ్బులు, మెంథాల్, కర్పూరం, ఆల్కహాల్ ఉన్న టోనర్లు పక్కన పెట్టండి.

స్టెరాయిడ్ క్రీమ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అని ట్యూబ్ మీద ఉంటే ముఖానికి సొంతంగా వాడొద్దు. మొదట ఎరుపు మాయమవుతుంది, అందుకే నమ్మకం కుదురుతుంది. వాడగా వాడగా చర్మం పల్చబడుతుంది, ఆపగానే మంటతో, పొక్కులతో ఎరుపు విరుచుకుపడుతుంది. ఇప్పటికే వాడుతుంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. మానిపించే పద్ధతి వాళ్లు నిర్ణయిస్తారు.

5. ఎరుపును బట్టి చికిత్స ఎంచుకోండి

పొక్కులుంటే ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీమ్, మెట్రోనిడజోల్, అజెలాయిక్ యాసిడ్ వాడతారు. ఫలితం తేలడానికి వారాలు పడుతుంది, మూడు నెలల వరకూ ఓపిక పట్టాలి. పొక్కులు ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ ఇస్తారు, గర్భిణులకు ఇవ్వరు. వీటితో పొక్కుల చుట్టూ ఉన్న ఎరుపు తగ్గుతుంది కానీ మిగతా ఎరుపు చాలావరకు అలాగే ఉంటుంది.

ఎప్పుడూ ఉండే ఎరుపుకు బ్రిమోనిడిన్ జెల్, ఆక్సీమెటాజోలిన్ క్రీమ్ ఉన్నాయి. ఇవి రక్తనాళాలను కొన్ని గంటలపాటు బిగిస్తాయి, జబ్బును మాన్పవు. బ్రిమోనిడిన్ అరగంటలో పని మొదలుపెట్టి దాదాపు పన్నెండు గంటల వరకు ఉంటుంది. కొందరికి మందు దిగిపోయాక ముఖం ముందుకంటే ఎక్కువగా ఎర్రబడుతుంది. కాబట్టి పెళ్లి రోజునో, ఇంటర్వ్యూ రోజునో మొదటిసారి రాయకండి. ఇంట్లో ఉండే రోజున ముఖం మీద కొద్దిచోట రాసి, మర్నాటి దాకా గమనించండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

వచ్చిపోయే ఎరుపుకు ఈ పూతమందులు పెద్దగా ఉపయోగపడవు. ట్రిగ్గర్లు సర్దుకున్నాక కూడా ఇబ్బంది పెడుతుంటే డాక్టర్లు కొందరికి ప్రొప్రనొలాల్, కార్వెడిలాల్ లాంటి మాత్రలు ఇస్తారు. ఇవి బీపీని, నాడి వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి అందరికీ సరిపడవు. ఆస్తమా ఉందని ముందే చెప్పాలి.

ఎర్రదారాల్లాంటి రక్తనాళాలు ఏ క్రీమ్‌తోనూ పోవు. వాటికి లేజర్ గానీ, గట్టి కాంతి మెరుపులతో చేసే ఐపీఎల్ చికిత్స గానీ చేయించుకోవాలి, కొన్ని వారాల ఎడంతో పలుమార్లు. ఎప్పుడూ ఉండే ఎరుపు కూడా దీంతో తగ్గుతుంది. రక్తనాళాలకు వాడే పల్స్‌డ్ డై లేజర్ తర్వాత కొద్దిరోజులు వాపు, కమిలిన మచ్చలు ఉండొచ్చు. ముదురు రంగు చర్మంలో నల్లమచ్చలు మిగిలే ప్రమాదం ఎక్కువ కాబట్టి, అలాంటి చర్మం మీద అనుభవం ఉన్నవారినే ఎంచుకుని, ముందు చిన్న భాగంలో చేసి చూపించమని అడగండి. ఒకసారి పోయాక కూడా కొన్నేళ్లకు కొత్త నాళాలు తేలొచ్చు, అప్పుడు మళ్లీ ఒకటి రెండు సిట్టింగులు అవసరమవుతాయి.